కారు ఒంటి మీద వెలుగు గీత

టింకరింగ్ షెడ్డులో పని చూసినవాళ్ళకు ఒక దృశ్యం గుర్తుండే ఉంటుంది. సొట్ట తీసి, పుట్టీ పెట్టి, ఎమరీ కాగితంతో రుద్ది, పెయింటు కొట్టాక మిస్త్రీ కారుకు ఎదురుగా నిలబడి చూడడు. పక్కకు వచ్చి, గొంతుకు కూర్చుని, తల వాల్చి రేకు వెంబడి చూస్తాడు. పైన ట్యూబ్‌లైటు వెలుగుతుంటుంది. దాని ప్రతిబింబం డోరు మీద పొడుగ్గా తెల్లగీతలా పడుతుంది. ఆయన తల కదిలిస్తే ఆ గీత రేకు మీద పాకుతుంది. పాకుతూ పాకుతూ ఎక్కడైనా వణికినా, విరిగినా, ఒక్కసారిగా లావెక్కినా అక్కడ పని ఇంకా మిగిలే ఉందన్నమాట. అరచేతికి అందని లోపం కూడా ఆ గీతకు దొరికిపోతుంది.

నేను కార్లను కంప్యూటర్లో తయారుచేస్తాను, ప్రకటనల కోసం, ఆటల కోసం. నా పనిలో రేకూ లేదు, పుట్టీ లేదు. పరీక్ష మాత్రం అదే. తెర మీద కారు చుట్టూ నలుపూ తెలుపూ చారలున్న ఒక గది ఉన్నట్టు చూపించే సదుపాయం మా సాఫ్ట్‌వేర్లలో ఉంటుంది. ఆ చారలు కారు ఒంటి మీద ఎలా ప్రవహిస్తున్నాయో చూస్తాం. బూడిదరంగులో చక్కగా కనిపించిన కారు చారల ముందు పెట్టగానే చిన్నబోవడం నాకు చాలాసార్లు అనుభవమైంది. ఎందుకలా జరుగుతుందో, దాన్ని ఎలా సరిచేస్తామో చెప్పాలంటే ముందు కారు కింద దాగి ఉన్న వల గురించి చెప్పాలి.

తెర మీది కారు మొదట ఒక వల. చేపల వల లాగే దానికి ముడులుంటాయి, ముడికీ ముడికీ మధ్య దారాలుంటాయి, దారాల మధ్య గళ్ళుంటాయి. మా భాషలో వీటిని వెర్టెక్సులు, ఎడ్జులు, ఫేసులు అంటాం. ఇక్కడ ముడి, దారం, గడి అనే చెప్పుకుందాం. 1972లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో ఐవాన్ సదర్లాండ్ అనే ఆచార్యుడి శిష్యులు ఆయన భార్య మార్షా ఫోక్స్‌వాగన్ బీటిల్ కారు మీద ఇలాంటి వలే గీశారు. గీతలు కలిసిన చోటల్లా కొలకర్రలతో కొలిచి, ఆ అంకెలను కంప్యూటర్‌కు ఎక్కించారు. బీటిల్ అంటే తాబేలు డిప్పలా అంతా గుండ్రమే. వాళ్ళ వలలో మాత్రం ఉన్నవన్నీ చదును పలకలు. రంగును ఒక పలక నుంచి మరో పలకకు మెల్లగా కలిపేసి లోపలి అంచులను కప్పిపుచ్చవచ్చు కానీ, కారు అంచు ఆకాశం మీద పడేచోట కోణాలు కోణాలుగానే మిగిలిపోతాయి. పలకలు పెంచుకుంటూ పోతే కొలిచే మనిషి అలసిపోతాడు.

దీనికి దారి 1978లో దొరికింది. అదే యూటాలో చదువుకున్న ఎడ్విన్ కాట్‌మల్, జిమ్ క్లార్క్ కలిసి ఒక పద్ధతి ప్రచురించారు. ఈ కాట్‌మల్లే తర్వాత పిక్సార్ వ్యవస్థాపకుల్లో ఒకరయ్యారు. పద్ధతి చెప్పడానికి చాలా తేలిక. ప్రతి గడి నడుమ ఒక కొత్త ముడి వెయ్యి. ప్రతి దారం మీద కూడా ఒక కొత్త ముడి వెయ్యి. దాన్ని సరిగ్గా దారం మీదే కాకుండా, దారం రెండు కొసలూ, అటూ ఇటూ ఉన్న గళ్ళ నడిమి ముడులూ, ఈ నాలుగింటి సగటు ఎక్కడ పడితే అక్కడ వెయ్యి. పాత ముడిని చుట్టుపక్కల వాటి వైపు కొంచెం జరుపు. ఇప్పుడు ఒక గడి నాలుగైంది. మళ్ళీ చేస్తే పదహారు, ఇంకోసారి చేస్తే అరవై నాలుగు. ప్రతి విడతలోనూ వల కొంచెం మెత్తబడి, మూడు నాలుగు విడతలకు కంటికి నున్నగా అయిపోతుంది. దీన్నే సబ్‌డివిజన్ సర్ఫేస్ అంటారు. మనిషి కదిలించేది మొదట వేసిన ముతక వలను. నున్నదనం కంప్యూటర్ చూసుకుంటుంది.

ఇంత సులువైతే కారు ఎందుకు చారల ముందు చిన్నబోతుంది? కారణాలు రెండు. ఒకటి ముడుల దగ్గరుంది, ఇంకొకటి మడతల దగ్గరుంది.

మామూలు వలలో ప్రతి ముడి దగ్గరా నాలుగు దారాలు కలుస్తాయి. అలాంటి చోట కాట్‌మల్-క్లార్క్ పద్ధతి ఏ లోపమూ లేని నున్నదనం ఇస్తుంది. మూడు దారాలే కలిసినా, ఐదో ఆరో కలిసినా ఆ ముడిని మేం పోల్ అంటాం. పోల్ దగ్గర కూడా ఉపరితలం చిరగదు, కోణం తేలదు. వాలు ఒకటిగానే ఉంటుంది, వంపు మాత్రం కుదురుకోదు. ఎన్ని విడతలు మెత్తచేసినా ఆ ఒక్క బిందువు చుట్టూ వంపు తీరు మారిపోతూనే ఉంటుంది. చేత్తో తడిమితే తెలియదు. వెలుగు గీత మాత్రం ఆ బిందువు మీదుగా వెళ్ళేటప్పుడు చిటికెన వేలు వంచినట్టు చిన్నగా ఒంగుతుంది. రేకు బాగా వంగి ఉన్న చోట పోల్ పడితే ఆ ఒంపు నొక్కులా కనిపిస్తుంది. దానికి మేం పెట్టుకున్న పేరు పించింగ్. అంటే గిల్లినట్టు ఉండడం.

పోల్స్ లేకుండానే వల అల్లితే సరిపోదా అని కొత్తగా నేర్చుకునేవాళ్ళు అడుగుతారు. నేనూ అడిగాను. కుదరదు. ఇది నేర్పుకు సంబంధించినది కాదు, లెక్కకు సంబంధించినది. అగ్గిపెట్టెను చూడండి. దానికి ఎనిమిది మూలలు, ఒక్కో మూలలో మూడే అంచులు కలుస్తాయి. అంటే ఎనిమిది పోల్స్. ఆ పెట్టె మీద నాలుగు మూలల గళ్ళతో మీరు ఎలాంటి వల అల్లినా, నాలుగుకు ఒకటి తగ్గిన ప్రతి ముడికీ ప్లస్ ఒకటి, ఒకటి పెరిగిన ప్రతి ముడికీ మైనస్ ఒకటి వేసుకుంటూ కూడితే మొత్తం ఎనిమిదే వస్తుంది. బంతి మీద అల్లినా ఎనిమిదే. చిల్లు లేకుండా మూసుకుపోయిన ఏ ఆకారం మీదైనా ఎనిమిదే. ఆయిలర్ సూత్రం నుంచి వచ్చే ఫలితమిది. తాటాకు బుట్ట అల్లేవాళ్ళకు ఈ సంగతి చేతులకే తెలుసు. అడుగు అల్లడం అయిపోయి గోడ పైకి లేపేటప్పుడు, మూల దగ్గర నాలుగు గళ్ళ బదులు మూడే గళ్ళు కలిసేలా మడుస్తారు. అప్పుడే చదును తడక బుట్టగా లేస్తుంది.

కాబట్టి పోల్‌ను చంపలేం. ఎక్కడ ఉండాలో మాత్రం మనం నిర్ణయించవచ్చు. నా పనిలో సగం ఇదే.

కారును అగ్గిపెట్టెగా ఊహించుకుంటే దాని నాలుగు పై మూలలూ ఎక్కడ పడతాయి? ముందు రెండూ హెడ్‌లైట్ల దగ్గర, వెనక రెండూ టెయిల్ లైట్ల దగ్గర. అక్కడ రేకు కోసి అద్దం పెడతాం కాబట్టి పోల్ ఆ రంధ్రంలో కలిసిపోతుంది. కింది నాలుగు మూలలు బంపర్ల అడుగుకు పోతాయి. ఇప్పుడు పెట్టె మీద నుంచి మనుషులు కూర్చునే గదిని పైకి లాగాలి. లాగగానే టాపు నాలుగు మూలల్లో నాలుగు మూడు దారాల పోల్స్, గది మొదట్లో నాలుగు ఐదు దారాల పోల్స్ కొత్తగా పుడతాయి. నాలుగు ప్లస్‌లు, నాలుగు మైనస్‌లు. మొత్తం మళ్ళీ ఎనిమిదే. ఆ ఐదు దారాల వాటిలో ముందు రెండూ ముందు అద్దం కింది మూలల్లో, వైపర్లుండే నల్లటి ప్లాస్టిక్ పట్టీ పక్కన పడతాయి. అవి పెద్దగా బాధించవు. వెనక రెండింటి సంగతి చివర్లో చెబుతాను.

చక్రాల దగ్గర వ్యవహారం ఇంకొంచెం చిక్కు. ముందు ఫెండర్, అంటే మనం మడ్‌గార్డ్ అనే రేకు, చక్రం మీద అర్ధచంద్రాకారంలో తెరుచుకుంటుంది. గళ్ళ వలలో గుండ్రటి అంచు కావాలంటే ఆ అంచు వెంట దారాలు వరసగా, గాజుల్లాగా తిరగాలి. నిలువూ అడ్డమూ పోయే గళ్ళూ, గుండ్రంగా తిరిగే గాజులూ కలిసేచోట ఐదు దారాల పోల్స్ రెండు తప్పవు. ఆ అర్ధచంద్రాన్ని గడియారంగా అనుకుంటే అవి పదిన్నర, ఒకటిన్నర ఉండే చోట్ల పడతాయి.

మొదట్లో ఒక ప్రకటన కోసం చిన్న హాచ్‌బ్యాక్ కారు చేసి ఇచ్చాను. అంచు చుట్టూ ఒకే ఒక్క గాజు తిప్పాను. దాంతో పోల్స్ రెండూ అంచుకు నాలుగు వేళ్ళ దూరంలో, ఫెండర్ బాగా ఉబ్బి ఉన్న చోటే కూర్చున్నాయి. స్టూడియో వెలుగులో, కదలని బొమ్మలో ఏమీ తెలియలేదు. కారు గుండ్రంగా తిరిగే దృశ్యం వచ్చేసరికి పైనున్న పొడవాటి దీపం ప్రతిబింబం ఫెండర్ మీదికి ఎక్కి, పదిన్నర దగ్గర కీచుమన్నట్టు ముడుచుకుని, మళ్ళీ సాఫీగా వెళ్ళి, ఒకటిన్నర దగ్గర ఇంకోసారి ముడుచుకుంది. ఆ కారును వాళ్ళు తిప్పి పంపారు. తప్పు పూర్తిగా నాదే. వల ముడులను ఒక్కొక్కటిగా పట్టి ముందుకూ వెనక్కూ జరుపుతూ రెండు రోజులు గడిపాను. నొక్కు ఇటు తగ్గితే అటు లేచింది. ముడి ఉన్న స్థానం సమస్య కానే కాదని, అక్కడ ఐదు దారాలు కలవడమే సమస్య అని అప్పటికి అర్థమైంది.

సరిచేసింది ఇలా. ఒక గాజు బదులు నాలుగైదు గాజులు తిప్పి, వాటిని బయటికి పరుచుకుంటూ పోయాను. గాజులు పెరిగే కొద్దీ పోల్స్ అంచు నుంచి దూరంగా జరుగుతాయి. ముందున్న పోల్‌ను ఫెండర్‌కూ బంపర్‌కూ మధ్య ఉండే సందు దాకా, వెనకున్న దాన్ని ఫెండర్‌కూ డోరుకూ మధ్య ఉండే సందు దాకా తీసుకెళ్ళాను. ఆ సందుల్లో రేకు ఎలాగూ తెగుతుంది, నల్లటి నీడ పడుతుంది. పోల్ ఆ నీడలోకి దిగిపోయింది. వెనక చక్రం దగ్గర ఇది ఇంకా తేలిక. ఎందుకంటే చాలా కార్లలో వెనక డోరు అంచే చక్రం మీదుగా ఒంపు తిరిగి ఉంటుంది.

ఇక్కడ ఒక క్రమం పాటించాలి. ముందు సందులేవీ లేకుండా మొత్తం ఒంటిని ఒకే తొడుగులా అల్లాలి. చారలతో పరీక్షించాలి. ఆ తర్వాత ఒకటి రెండు విడతలు మెత్తచేసిన వలను ఖరారు చేసి, దాని మీద డోర్లు, బానెట్, డిక్కీ కోయాలి. ముందే కోసి విడివిడిగా మెత్తచేస్తే ఒక్కో ముక్క దాని అంచు దగ్గర దాని ఇష్టం వచ్చినట్టు వంగుతుంది. ఫెండర్ మీది వెలుగు గీత డోరు మీదికి దాటేటప్పుడు మెట్టు దిగుతుంది.

ఇక మడతలు. పాత అంబాసిడర్ ఒంటి మీద వాడి గీతలు తక్కువ, అంతా ఉబ్బులే. ఈనాటి కార్లు అలా కాదు. హెడ్‌లైటు మూల నుంచి మొదలై, డోరు పిడుల మీదుగా వెనక లైటు దాకా ఒక వాడి గీత నడుస్తుంది. దాన్ని షోల్డర్ లైన్ అంటారు. అన్నిటినీ మెత్తచేసే పద్ధతితో వాడి గీతను ఎలా నిలబెట్టాలి?

తేలిక దారి క్రీజ్. ఫలానా దారాన్ని మెత్తచేయొద్దు అని గుర్తుపెట్టడం. బ్లెండర్‌లో ఆ దారాన్ని ఎంచుకుని `Shift+E` నొక్కి విలువ 1 దాకా పెంచితే చాలు. అప్పుడు ఆ దారం మీద పడే కొత్త ముడి అటూ ఇటూ ఉన్న గళ్ళను పట్టించుకోదు, సరిగ్గా దారం నడుమనే పడుతుంది. ఫలితం కత్తి అంచు. కొత్తవాళ్ళకు ఇది ముచ్చటగా కనిపిస్తుంది. కానీ రేకు ఎప్పుడూ కత్తిలా మడవదు. ఎంత వాడి మడతకైనా కొన్ని మిల్లీమీటర్ల గుండ్రం ఉంటుంది. ఆ సన్నని గుండ్రం మీదే వెలుగు తీగలా మెరుస్తుంది. కత్తి అంచుకు వెడల్పే లేదు కాబట్టి మెరుపూ ఉండదు. అలా చేసిన కారు అట్టముక్కతో చేసిన బొమ్మలా అనిపిస్తుంది. చూసేవాళ్ళు కారణం చెప్పలేరు, నకిలీ అని మాత్రం పట్టేస్తారు.

రెండో దారి కాపలా దారాలు. మడతకు అటొకటి ఇటొకటి దగ్గరగా దారాలు వేస్తే ఉపరితలం మడత వైపు బిగుసుకుంటుంది. ఎంత దగ్గరగా వెయ్యాలో లెక్క ఉంది. వరసగా ఉన్న ముడుల్లో ఒక ముడి, ఎన్నో విడతల తర్వాత, తన నాలుగు వంతులూ పక్క ముడులవి చెరో వంతూ కూడి ఆరుతో భాగించిన చోటికి చేరుతుంది. షోల్డర్ లైన్‌కు చెరో పక్కా గళ్ళు 80 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్నాయనుకోండి. మడతకు 10 మిల్లీమీటర్ల దూరంలో కాపలా దారం వేశాం. గుండ్రం 10 మిల్లీమీటర్ల దగ్గర మొదలవుతుందని అందరూ అనుకుంటారు. కానీ కాపలా దారం మీది ముడికి ఒక పక్క పొరుగు 80 మిల్లీమీటర్ల అవతల, ఇంకో పక్క పొరుగు మడత మీద. లెక్క కడితే 80, నాలుగు పదులు, సున్నా కలిపి 120. ఆరుతో భాగిస్తే 20. అంటే గుండ్రం మడతకు 20 మిల్లీమీటర్ల ముందే మొదలవుతుంది. సన్నని గీత అనుకున్నది బొద్దుగా తేలడానికి కారణం ఇదే. నిజంగా 10 దగ్గరే మొదలవ్వాలంటే 20 దగ్గర ఇంకో దారం కూడా కావాలి. అప్పుడు 20, నలభై, సున్నా కలిపి 60, ఆరుతో భాగిస్తే 10.

కాపలా దారాల బెడద వేరే ఉంది. వలలో దారం మధ్యలో ఆగదు. షోల్డర్ లైన్ కోసం వేసిన నాలుగు దారాలు హెడ్‌లైటు దాటి కారు ముక్కు మీదికి, అటు తిరిగి ఇంకో ఫెండర్ మీదికి పోతాయి. మడత అక్కర్లేని చోట కూడా ఉపరితలాన్ని బిగించి, చారల ముందు సన్నని కట్టులా కనిపిస్తాయి. వాటిని మధ్యలో కలిపి ఆపేస్తే అక్కడ ఒక మూడు దారాల పోల్, ఒక ఐదు దారాల పోల్ జంటగా పుడతాయి. లెక్కలో ప్లస్ ఒకటి, మైనస్ ఒకటి కొట్టుకుపోతాయి, రేకు మీద మాత్రం రెండూ ఉంటాయి. అందుకని ఈ జంటను హెడ్‌లైటు రంధ్రంలోనే పుట్టించి అక్కడే వదిలేస్తాను.

మరి గీత డోరు నడుమన మెల్లగా కరిగిపోవాలంటే? అక్కడ దాచడానికి రంధ్రం లేదు, సందు లేదు. 1997లో పిక్సార్ వాళ్ళు జెరీస్ గేమ్ అనే పొట్టి చిత్రం చేసేటప్పుడు వాడిన పద్ధతి ఇక్కడ ఆదుకుంటుంది. టోనీ డిరోజ్, ఆయన సహచరులు దాన్ని 1998లో ప్రచురించారు. దారాన్ని పూర్తిగా వాడి అనో, పూర్తిగా మెత్తన అనో అనకుండా దానికి ఒక అంకె ఇస్తారు. 2 ఇస్తే మొదటి రెండు విడతల్లో అది వాడి దారం, ఆ తర్వాత మామూలు దారం. రెండు విడతల్లో 80 మిల్లీమీటర్ల గడి 20కి వస్తుంది కాబట్టి మడతకు చెరో పక్క 20 మిల్లీమీటర్ల మేర గుండ్రం మిగులుతుంది. 3 ఇస్తే 10. ఒక్క కొత్త దారం కూడా వేయకుండానే కాపలా దారాల పని జరిగింది. గీత వెంబడి వరసగా ఉన్న దారాలకు 3, 2, 1, 0 అని తగ్గించుకుంటూ పోతే మడత వెడల్పవుతూ వెడల్పవుతూ రేకులో కలిసిపోతుంది. సాఫ్ట్‌వేర్‌ను బట్టి కొలమానం మారుతుంది. బ్లెండర్‌లో ఈ అంకె 0కీ 1కీ మధ్యే ఉంటుంది.

ఇందులో రెండు చోట్ల కాలు జారుతుంది. గుండ్రం వెడల్పు గడి వెడల్పును బట్టి వస్తుంది కాబట్టి, ఫెండర్ మీద గళ్ళు 80, డోరు మీద 40 ఉంటే ఒకే అంకెకు ఒకచోట లావు గీత, ఇంకోచోట సన్న గీత వస్తాయి. అందుకని మడతకు పక్కనున్న గళ్ళను ముందుగా సమానం చేసుకోవాలి. రెండోది, తెర మీద రెండు విడతలే మెత్తచేసి చూస్తుంటే, 2 అంకె ఉన్న దారం ఇంకా కత్తిలాగే కనిపిస్తుంది. మెత్తబడే విడత రాలేదు కదా. చివరి బొమ్మను నాలుగు విడతలతో తీసినప్పుడు మాత్రం గుండ్రం బయటపడుతుంది. తెర మీద చూసింది ఒకటి, బొమ్మలో వచ్చింది ఇంకొకటి అని ఫిర్యాదు వచ్చిందంటే ముందు విడతల సంఖ్య అడగాలి.

నా మటుకు నేను చక్రం అంచుకూ, కోసిన సందుల అంచులకూ కాపలా దారాలు వాడతాను. అక్కడ వెడల్పు నా చేతిలో ఉండాలి. కరిగిపోయే గీతకు అంకెలు వాడతాను. మడత మీద మాత్రం పోల్‌ను ఎప్పుడూ ఉండనివ్వను. రెండు లోపాలూ ఒకేచోట కలిస్తే దేన్ని సరిచేస్తున్నామో తెలియకుండా పోతుంది.

ఈ పద్ధతికి ఒక హద్దుంది. ఫ్యాక్టరీలో రేకును అచ్చు వేసే దిమ్మ కోసం చేసే చివరి ఉపరితలానికి పోల్ దగ్గరి ఆ కుదరని వంపు పనికిరాదు. అక్కడ ఇప్పటికీ ముఖ్యంగా వేరే గణితంతో, రెనోలో పనిచేసిన పియరీ బెజియే పేరు మీద ఉన్న వక్రతలతో, ముక్క ముక్కా అతికి కట్టిన ఉపరితలాలనే వాడతారు. మాది తొలి ఊహల దశలో, తెర మీద కనిపించే పనుల్లో చెల్లుతుంది.

వెనక రెండు పోల్స్ సంగతి చెబుతానన్నాను. గది వెనక స్తంభం, దాన్ని సి పిల్లర్ అంటారు, వెనక ఫెండర్ మీదికి దిగేచోట అవి పడతాయి. చాలా కార్లలో అక్కడ అతుకు లేదు, సందు లేదు, దీపం లేదు. ఒకే రేకు టాపు నుంచి చక్రం దాకా జారుతుంది. పైగా షోరూములో మనిషి నిలబడి చూసేది ఆ భాగాన్నే. అక్కడ పోల్‌ను దాచలేను. చేయగలిగిందల్లా దాన్ని రేకు అన్నిటికన్నా తక్కువ వంగే చోటికి జరిపి, కనీసం రెండు గళ్ళ దూరం దాకా ఏ కాపలా దారమూ రాకుండా చూసి, దాని చుట్టూ ఉన్న ఐదు గళ్ళనూ దాదాపు ఒకే సైజులో, ఒకే కోణంలో విచ్చుకున్న పువ్వులా సర్దడమే. సర్దాక చారలు పెట్టి, కారును మెల్లగా తిప్పుతాను. గీత ఆ పువ్వు మీదికి వచ్చినప్పుడు ఊపిరి బిగబట్టి చూస్తాను. ఒంగితే ఆ ముడిని ఉపరితలం లోపలికో బయటికో ఒక మిల్లీమీటరు జరిపి, మళ్ళీ మొదటి నుంచి తిప్పుతాను.